మొండిపిల్లా? పట్టుదల గల పిల్లా?

ఒక మనిషి గురించి పరిచయ పత్రం రాయాల్సి వచ్చినప్పుడు మన కలం ఏ మాట దగ్గర ఆగుతుంది? ఏ మాట న్యాయం, ఏ మాట తీర్పు? సత్తెనపల్లిలో ఓ ఫిజిక్స్ మాస్టారికి ఒక్క ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టిన కథ.

ఆ ఫారం నా ముందు తెరిచి పెట్టుకుని గంటయింది. సత్తెనపల్లి పక్క పల్లెలో మిర్చి పండించే రైతు కూతురు మా దగ్గర డిగ్రీ ముగించింది. ఎమ్మెస్సీ కోసం ఒక విదేశీ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకుంది. పాఠం చెప్పిన మాస్టారిగా నేను ఆమె గుణగణాల గురించి రాసి పంపాలి. ఆ ఉత్తరం ఆమె చూడదు. నేను ఏం రాశానో ఆమెకు ఎప్పటికీ తెలియదు. ఆమెను ఎన్నడూ చూడని ఇద్దరు ముగ్గురు మనుషులు నా మాటల్లోంచే ఆమెను చూస్తారు.

చిత్తుప్రతిలో మొదటి వాక్యం బాగానే వచ్చింది. రెండో వాక్యంలో మూడు మాటలు రాశాను. ఇంట్రోవర్ట్. స్టబర్న్. అసర్టివ్. రాసి, చదువుకుని, ఆగిపోయాను. మూడూ అబద్ధాలు కావు. కానీ ఆ మూడు మాటలూ కలిసి నిలబెట్టిన మనిషి మాత్రం మా పిల్ల కాదు.

ముప్పై ఏళ్ళుగా ఇలాంటి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. చాలామంది పిల్లలకు "మీరే రాసుకురండమ్మా, సంతకం పెడతాను" అన్నమాట కూడా నిజమే. అలా అన్న ప్రతిసారీ నా పని ఇంకొకరి నెత్తిన పెట్టానని ఇప్పుడు అనిపిస్తోంది. తన గురించి తాను మంచిమాట రాసుకోవడానికి సిగ్గుపడే పిల్లలే ఎక్కువగా నష్టపోయారు. ఈసారి నేనే రాద్దామని కూర్చున్నాను.

ఒక గుండు, ఒక దారం, 9.59

ఆమెను స్టాఫ్‌రూమ్‌లో "మొండిపిల్ల" అనడం మొదలైంది మొదటి సెమిస్టర్‌లో. డిగ్రీలో చేరిన కొత్తలో చేతులు అలవాటు కావాలని, ఇంటర్‌లో చేసిన లఘులోలకం ప్రయోగాన్నే మళ్ళీ ఒకసారి చేయిస్తాను. దారానికి చిన్న ఇనుప గుండు కట్టి ఊపాలి. 20 డోలనాలకు ఎంత సమయం పట్టిందో చూసి, దాన్నిబట్టి గురుత్వ త్వరణం లెక్క కట్టాలి. మన ప్రాంతంలో అది సుమారు 9.78 రావాలి. పుస్తకాల్లో 9.8 అని ఉంటుంది కాబట్టి, పాత రికార్డులు చూసి 9.8 అని రాసేసే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు.

ఆ బ్యాచ్‌లో అందరికీ 9.8 వచ్చింది. ఈ అమ్మాయికి మాత్రం 9.59 వచ్చింది.

"లెక్క మళ్ళీ చూసుకోమ్మా" అన్నాను.

"మూడుసార్లు చేశాను సార్. 20 డోలనాలకు 28.7 సెకన్లే వస్తోంది. ఇదే వస్తోంది."

"అందరికీ 9.8 వచ్చింది కదా."

"నాకు రాలేదు సార్. రాకుండా ఎలా రాస్తాను?"

రికార్డు మీద నేను సంతకం పెట్టలేదు. ఆమె అంకె మార్చలేదు. ఒక వారం అలాగే గడిచింది. నా చేతిలో మార్కులున్నాయి, ఆమె చేతిలో రీడింగులున్నాయి. నాకు విసుగొచ్చిన మాట దాచను. "మొండిపిల్ల" అన్నది మొదట నేనే.

తర్వాతి వారం ఎందుకో నా ప్రశ్న మార్చాను. "దారం ఎక్కడినుంచి ఎక్కడికి కొలిచావు?" అని అడిగాను. పైన ముడి దగ్గరనుంచి గుండు పైభాగం వరకు 50 సెంటీమీటర్లు, అంది. అప్పుడు తెలిసింది తప్పెక్కడో. లోలకం పొడవంటే ముడి నుంచి గుండు మధ్యబిందువు వరకు. గుండు వ్యాసార్థం ఒక సెంటీమీటరు. పొడవు 50 కాదు, 51.

చెప్పింది విని ఒక్క క్షణం గుండువైపు చూసింది. అక్కడే నిలబడి లెక్క మళ్ళీ కట్టింది. 9.78 వచ్చింది. రికార్డులో 9.59 మీద ఒకే ఒక గీత గీసి, పాత అంకె కనబడేలా ఉంచి, దాని కింద తప్పు ఎక్కడ జరిగిందో రెండు వాక్యాలు రాసి, కొత్త అంకె వేసింది. నా మాట నెగ్గిందన్న చిన్నబుచ్చుకోవడం ఆమె ముఖంలో లేదు. తప్పు దొరికిందన్న సంతోషమే ఉంది.

నాలుగు రోజులు ఫారం ముందు కూర్చున్నాక ఈ సంఘటన మొత్తం గుర్తుకొచ్చింది. అప్పటిదాకా నాకు గుర్తున్నది దీనిలో మొదటి సగమే.

మాటలో రెండు మాటలు

మనిషి స్వభావాన్ని చెప్పే ప్రతి మాటలోనూ రెండు పనులు జరుగుతాయి. ఒకటి, ఆ మనిషి ఏం చేస్తాడో చెప్పడం. రెండు, అది మనకు నచ్చిందో లేదో చెప్పడం. 1967లో డీన్ పీబాడీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఈ రెండింటినీ విడదీసి చూపించాడు. ఆయన పద్ధతి మన వంటింటి మాటలతోనే అర్థమవుతుంది.

డబ్బు తక్కువ ఖర్చు పెట్టే మనిషి ఉన్నాడు. నచ్చితే పొదుపరి అంటాం, నచ్చకపోతే పిసినారి అంటాం. ఎక్కువ ఖర్చు పెట్టేవాడు నచ్చితే ఉదారుడు, నచ్చకపోతే దుబారా మనిషి. మొత్తం నాలుగు గదులు. పొదుపరి, పిసినారి ఒకే వరుసలో ఉన్నారు, చేసే పని ఒకటే. పొదుపరికీ ఉదారుడికీ చేసే పనిలో పొంతన లేదు, ఇద్దరికీ మన మెప్పు మాత్రం ఉంది.

ఇప్పుడు మా అమ్మాయి గదులు చూద్దాం. అన్న మాట మీద నిలబడే గుణం నచ్చితే పట్టుదల, నచ్చకపోతే మొండితనం. మాట మార్చుకునే గుణం నచ్చితే సర్దుబాటు తెలిసిన మనిషి, నచ్చకపోతే నిలకడ లేని మనిషి. ఉత్తరం రాసేవాడు రెండు నిర్ణయాలు విడివిడిగా తీసుకోవాలి. ముందు ఏ వరుస అన్నది. అది కంటితో చూసి చెప్పొచ్చు. తర్వాత ఆ వరుసలో ఏ గది అన్నది. అక్కడే మన చేతివాటం బయటపడుతుంది. నాకు ఎదురు నిలిచింది కాబట్టి మొండి అయింది. అదే పిల్ల నా తరఫున ఇంకొకరికి ఎదురు నిలిచి ఉంటే పట్టుదల గల పిల్ల అయ్యేది. ఆమె చేసిన పని మారలేదు, నేను నిలబడ్డ చోటు మారింది, అంతే.

ఇలాంటి తీర్పు మాటలు భాషలో ఎన్ని ఉంటాయో 1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ లెక్కపెట్టారు. వెబ్‌స్టర్ నిఘంటువంతా గాలించి, మనిషిని మనిషినుంచి వేరుచేసే 17,953 ఇంగ్లీషు మాటలు ఏరారు. నాలుగు వరుసలుగా పేర్చారు. స్థిరమైన స్వభావాన్ని చెప్పేవి 4,504 తేలాయి. మెచ్చుకోలో తెగడ్తో తప్ప స్వభావం గురించి ఏమీ చెప్పని మాటలు 5,226. అంటే స్వభావాన్ని చెప్పే మాటలకన్నా తీర్పు చెప్పే మాటలే ఎక్కువ. కలం పట్టగానే చేతికి ముందు తగిలేవి అవేనంటే ఆశ్చర్యం లేదు.

మొండికీ పట్టుదలకూ మధ్య గీత

మరి ఏ గదిలో వేయాలో న్యాయంగా తేల్చేదెలా? ఒక ప్రశ్న ఉంది. ఈ మనిషి మాట మార్చుకున్న సందర్భం ఏదైనా ఉందా? ఉంటే, దేనికి మార్చుకున్నాడు?

మన తెలుగే ఈ గీతను గీసిపెట్టింది. మొండి అంటే కొస తెగినది, పదును లేనిది. మొండి గోడ, మొండి చెయ్యి అంటాం. బ్యాంకువాళ్ళు వసూలు కాని అప్పును మొండి బకాయి అంటారు. ఎంత అడిగినా కదలనిది, ఏ కారణమూ లోపలికి దిగనిది అని అర్థం. పట్టుదలలో ఉన్నది పట్టు. పట్టుకున్న చెయ్యి వదలగలదు కూడా, కారణం ఉంటే. మంకుపట్టు అంటే ఇంకా కింది మెట్టు. అక్కడ పట్టుకున్న వస్తువుకంటే పట్టుకోవడమే ముఖ్యం.

కాబట్టి పరీక్ష ఇది. ఒత్తిడికి వంగకుండా కారణానికి వంగితే పట్టుదల. రెండింటికీ వంగకపోతే మొండితనం. ఒత్తిడికి వంగి కారణానికి వంగకపోతే దాన్ని భయం అనాలి, దానికి సర్దుబాటు అని పేరు పెట్టడం తప్పు. మా అమ్మాయి మార్కులకు వంగలేదు, అందరికీ 9.8 వచ్చిందన్న మాటకు వంగలేదు. గుండు మధ్యబిందువు అన్న ఒక్క కారణానికి అక్కడికక్కడే వంగింది. ఇక అనుమానం ఎక్కడ?

మా ఊరి మనిషినే తీసుకుంటే ఈ గీత ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వావిలాల గోపాలకృష్ణయ్య గారు 1906లో సత్తెనపల్లిలోనే పుట్టారు. ఇక్కడినుంచే నాలుగుసార్లు శాసనసభకు వెళ్ళారు. పాలన తెలుగులో సాగాలని జీవితమంతా అడిగారు. 1974లో ఏర్పడిన అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షులయ్యారు. ఒకే కోరికను ఏళ్ళ తరబడి వదలని మనిషిని, ఆ కోరిక నచ్చనివాడు మొండి అంటాడు, నచ్చినవాడు దీక్ష అంటాడు. ఆ రెండు మాటల్లో ఏది విన్నా మనకు ముందు తెలిసేది అన్నవాడు ఎటు నిలబడ్డాడన్నదే. ఆయన్ని తెలుసుకోవాలంటే ఆయన ఏం అడిగారో, దానికోసం ఏం చేశారో చూడాలి.

ఇంగ్లీషులో రాసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడు అంటాం మనం. ఆ సామెతలో భయంతోపాటు కాస్త మెచ్చుకోలు కూడా ఉంది. ఇంట్లో "మా మొండిది" అంటే ముద్దు కూడా. ఆ ముద్దు స్టబర్న్ అన్న మాట వెంట కడలి దాటదు. దాని బదులు ఏ మాట? డిటర్మిన్డ్ అంటే ఒక లక్ష్యం పెట్టుకుని దానికోసం వెళ్ళడం. ఆమెకు ఆ రోజు వేరే లక్ష్యం లేదు. పర్సిస్టెంట్ అంటే మళ్ళీ మళ్ళీ ప్రయత్నించడం. ఆమె మూడుసార్లు చేసింది, సరిపోతుంది. ఫర్మ్ అంటే తోసినా కదలకపోవడం. రాని అంకె రాయనన్నప్పుడు ఆమె అదే చేసింది. నేను ఈ రెండు మాటలే ఉంచుకున్నాను.

మాట్లాడని పిల్ల

ఇక ఇంట్రోవర్ట్ అన్న మాట. 1921లో కార్ల్ యుంగ్ తన పుస్తకంతో ఈ మాటను లోకంలోకి తెచ్చాడు. మనసు శక్తి లోపలికి తిరిగే మనిషి అని ఆయన ఉద్దేశం. తెలుగులో అంతర్ముఖుడు అంటున్నాం. మనకు ఆ మాట అంతకుముందే ఉంది. యోగం చెప్పేవాళ్ళు దాన్ని గౌరవంగా వాడతారు. కానీ కాలేజీలో ఇంట్రోవర్ట్ అన్న మాటను ఎవరూ ఆ గౌరవంతో వాడరు. మాట్లాడదు, కలవదు, పాల్గొనదు అనే అర్థంలో వాడతారు.

నిజానికి మాట్లాడకపోవడం వెనక కనీసం నాలుగు వేరువేరు సంగతులు ఉంటాయి. అవసరమైనంతే మాట్లాడేవాడు మితభాషి. మాట్లాడాలని ఉన్నా గొంతు పెగలనివాడు బిడియస్థుడు. మనసు కష్టపడి ముడుచుకున్నవాడు ముభావంగా ఉంటాడు. మనల్ని లెక్కచేయక పలకరించనివాడికి పొగరు అంటాం. మన పల్లెల్లో ఎక్కువ అన్యాయం జరిగేది ఈ చివరి మాటతో. బిడియస్థుడైన పిల్లవాడు బజార్లో తల దించుకుని వెళ్తే "చదువుకున్నాడని పొగరు" అన్న మాట అతనికన్నా ముందు ఇంటికి చేరుతుంది.

బిడియమూ ఒంటరితనపు ఇష్టమూ ఒకటి కావని 1981లో జొనాథన్ చీక్, ఆర్నాల్డ్ బస్ పరిశోధనలో తేలింది. మనుషుల మధ్య ఉండాలన్న కోరిక బలంగా ఉంటూనే బిడియపడేవాళ్ళు ఉంటారు. అసలు ఆ కోరికే తక్కువగా ఉన్నా, మాట్లాడాల్సి వస్తే ఏ బెరుకూ లేనివాళ్ళూ ఉంటారు. కాబట్టి రాసేవాడు అడగాల్సింది, మాట్లాడాల్సిన అవసరం పడినప్పుడు ఏం జరిగింది అని.

మా అమ్మాయి క్లాసులో మూడేళ్ళలో చెయ్యెత్తిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. కానీ రెండో ఏడాదిలో ఒకరోజు నేను ల్యాబ్‌కు ఆలస్యంగా వెళ్ళేసరికి, మొదటి ఏడాది పిల్లలు ఆరుగురు ఆమె చుట్టూ ఉన్నారు. వెర్నియర్ కాలిపర్స్ చదవడం నేర్పిస్తోంది. గొంతు పెంచకుండా, ఒక్కొక్కరి చేత చదివిస్తూ. అది చూసిన మనిషిని నేను. ఇంట్రోవర్ట్ అని రాస్తే, చదివేవాడు బిడియం అనుకోవచ్చు, సెమినార్‌లో నోరు విప్పదనుకోవచ్చు. కొట్టేశాను. "తరగతిలో తక్కువ మాట్లాడుతుంది, పక్కన కూర్చోబెట్టి నేర్పమంటే బాగా నేర్పుతుంది" అని రాశాను. స్వభావానికి చోటు కూడా చెప్పాలి. ఎక్కడ అలా ఉంటుందో చెప్పని మాట, అన్నిచోట్లా అలాగే ఉంటుందని చెప్పినట్టే.

నోరున్న అమ్మాయి

మూడో మాట అసర్టివ్. దీనికి తెలుగులో సరైన ఒక్క మాట దొరకక చాలాసేపు అవస్థపడ్డాను. 1970లో రాబర్ట్ ఆల్బర్టీ, మైకేల్ ఎమ్మన్స్ రాసిన పుస్తకంతో ఈ మాట బాగా వ్యాపించింది. వాళ్ళు చెప్పిన తేడా సులువైనది. తన హక్కును వదులుకునేవాడు మెతక. ఎదుటివాడి హక్కును తొక్కి తనది సాధించుకునేవాడు దూకుడు మనిషి. ఎదుటివాడిని తక్కువ చేయకుండా తన మాట సూటిగా చెప్పేవాడు వీళ్ళిద్దరి నడుమ ఉంటాడు. మనం మొహమాటం లేకుండా, నిక్కచ్చిగా అంటాం. మన మర్యాదలన్నీ మొహమాటం చుట్టూ అల్లుకున్నవి కాబట్టి, అది లేని మనిషిని వెంటనే దూకుడు గదిలో తోసేస్తాం. ఆ మనిషి ఆడపిల్ల అయితే మాటలు ఇంకా పదునెక్కుతాయి. నోరున్న పిల్ల, గడుసుది, గయ్యాళి.

పల్నాడుకు ఇది పాత సంగతే. పల్నాటి కథలో గురజాల పక్షాన నాగమ్మ మంత్రాంగం నడిపింది, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు నడిపాడు. ఇద్దరూ పావులు కదిపినవాళ్ళే. కథ చెప్పేవాళ్ళ నోట ఆమెది కుతంత్రం అయింది, ఆయనది రాజనీతి అయింది. ఇద్దరూ ఏమేం చేశారో పక్కపక్కన రాసుకుని, పేర్లు మూసి చదివితే ఏ మాట ఎవరికి పడుతుందో చెప్పడం అంత సులువు కాదు.

ఇలాంటి తేడా ఉత్తరాల్లోనూ కనబడింది. 2009లో హువాన్ మడేరా, ఆయన సహచరులు అమెరికాలో అధ్యాపక ఉద్యోగాలకు వచ్చిన సిఫార్సు ఉత్తరాలను పరిశీలించారు. ఆడవాళ్ళ గురించి రాసేటప్పుడు ఆదరణ, సహాయం, మంచితనం చెప్పే మాటలు ఎక్కువగా వచ్చాయి. మగవాళ్ళ గురించి చొరవ, ఆత్మవిశ్వాసం చెప్పేవి ఎక్కువగా వచ్చాయి. ఆ మంచితనపు మాటలు ఎక్కువున్న అభ్యర్థులను ఉద్యోగానికి తక్కువ అర్హులుగా తూచారు. అంటే రాసినవాడు మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు, తక్కెడ మాత్రం ఎదురువైపు మొగ్గింది.

అందుకే నేను పేరు మార్చి చూసే అలవాటు పెట్టుకున్నాను. అమ్మాయి గురించి రాసిన వాక్యంలో అబ్బాయిని పెట్టి చదువుతాను. వింతగా వినిపిస్తే ఆ మాట తీసేస్తాను. ఒకసారి ఆమె ఇంటర్నల్ పేపర్లో రెండు మార్కులు కూడికలో తప్పిపోయాయి. పేపరు తెచ్చి, "సార్, మూడో ప్రశ్నకు మీరు వేసిన మార్కులు మొత్తంలో కలవలేదు" అంది. నిజమే, సరిచేశాను. అబ్బాయి వస్తే మామూలు సంగతి అనుకునేవాడిని. ఈమె వస్తే నా మనసులో "అసర్టివ్" అని నమోదైంది. ఆ మాట కూడా కొట్టేసి, తప్పు చూపించిన తీరు రాశాను.

ఏ మాట ముందు

మాటలు ఎంచుకున్నాక వరుస మిగిలింది. 1946లో సాలమన్ ఆష్ చేసిన ప్రయోగం ఒకటుంది. ఆరు గుణాలు చదివి వినిపించి, ఈ మనిషి ఎలాంటివాడో చెప్పమన్నాడు. తెలివైనవాడు, కష్టజీవి, తొందరపాటు మనిషి, తప్పులెన్నేవాడు, మొండివాడు, అసూయపరుడు. ఇంకో గుంపుకు అవే ఆరింటిని కిందనుంచి పైకి చదివాడు. తెలివితో మొదలైన వరుస విన్నవాళ్ళ మనసులో ఆ మనిషి సమర్థుడు, లోపాలు ఉన్నా పర్వాలేదు. అసూయతో మొదలైన వరుస విన్నవాళ్ళకు అతని తెలివి కూడా మరుగునపడింది. మొదటి మాట తర్వాతి మాటలకు రంగు పూస్తుంది. నా చిత్తుప్రతిలో ఇంట్రోవర్ట్, స్టబర్న్ ముందున్నాయి. ఆ తర్వాత నేను ఎంత పొగిడినా చదివేవాడు ఆ రంగు అద్దంలోంచే చూసేవాడు.

ఇదంతా విని, అందరినీ మంచి గదిలోనే వేయమంటున్నానని అనుకోకండి. కొన్నేళ్ళ క్రితం ఒక కుర్రాడు ఉత్తరం అడిగాడు. విద్యుత్ ప్రయోగంలో తీగలు తప్పుగా కలిపి, చూపించినా, పుస్తకం తెరిచి పెట్టినా తన కనెక్షనే సరైనదన్నాడు. ఫ్యూజు పోయినా ఒప్పుకోలేదు. అలాంటివి మూడుసార్లు చూశాను. కారణానికి వంగని చోట పట్టుదల అని రాస్తే, నా సంతకం ఉన్న మిగతా ఉత్తరాలన్నిటి విలువా పోతుంది. "నేను రాస్తే ఇది కూడా రాయాల్సి వస్తుంది నాయనా, నీ ప్రాజెక్టు చూసిన మాస్టారిని అడిగితే మేలు" అని అతనికే చెప్పాను. ఒక్కసారి చూసినదాన్ని స్వభావం అనకూడదు, అది సంఘటన. మూడుసార్లు మూడు చోట్ల చూస్తే అప్పుడు మాట పెట్టొచ్చు. మాట పెట్టాల్సి వచ్చి అది చేదైతే, ముందు ఆ మనిషికే చెప్పాలి.

చివరికి పంపింది

నాలుగో రోజు రాత్రి ఉత్తరం ముగిసింది. ఆమె గురించిన భాగం తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"ఈమెకు నేను మూడేళ్ళు పాఠం చెప్పాను. మొదటి సెమిస్టర్‌లో తన ప్రయోగ ఫలితం మిగతావారితో కలవకపోయినా, మూడుసార్లు కొలిచి అదే వచ్చాక, నేను అడిగినా మార్చడానికి ఒప్పుకోలేదు. కొలతలో దోషం ఎక్కడుందో చూపించిన వెంటనే తానే సరిదిద్ది, పాత అంకెను చెరపకుండా, తప్పు కారణం రికార్డులో రాసింది. ఒత్తిడికి నిలబడే, కారణానికి తలవంచే ఈ గుణాన్ని ఆమెలో తర్వాత కూడా చాలాసార్లు చూశాను. తరగతిలో తక్కువ మాట్లాడుతుంది. జూనియర్లకు పరికరాలు వాడటం ఓపికగా నేర్పుతుంది. నా మార్కుల్లో పొరపాటు జరిగినప్పుడు ఆధారంతో వచ్చి మర్యాదగా చూపించింది."

నా చిత్తుప్రతి కాగితం ఇంకా ఉంది. స్టబర్న్ అన్న మాట మీద ఒకే ఒక గీత గీశాను. పాత మాట కనబడేలా ఉంచి, దాని కింద తప్పు ఎక్కడ జరిగిందో రాసుకున్నాను. కొలిచేటప్పుడు నేనూ గుండు మధ్యదాకా వెళ్ళలేదు, పైభాగం దగ్గరే ఆగిపోయాను.